కొత్త ఉద్యోగులకు మొదటి జీతం, కార్డులు, లోన్ల గురించి చెప్పేటప్పుడు ఏం చూపించాలి?

ప్రశ్న: మా సంస్థలో ఈ నెల 22 మంది కొత్తగా చేరారు. మొదటి జీతం, క్రెడిట్ కార్డు ఆఫర్లు, ప్రీ అప్రూవ్డ్ లోన్ల గురించి వాళ్లతో ముప్పావు గంట మాట్లాడే పని నాకు అప్పగించారు. పొదుపు చేయండి అంటే ఎవరూ వినరు. ఏం చెబితే పనికొస్తుంది?

జవాబు:

విశాఖపట్నంలో ఒక సంస్థ జీతాల విభాగంలో పని చేస్తూ ఐదేళ్లుగా కొత్తవారికి ఈ విషయాలు చెబుతున్నాను. మొదటి రెండేళ్లు జీతంలో ఎంత శాతం దాచాలో చెప్పాను, కానీ ఆ మాటలు ఎవరికీ గుర్తుండలేదు. ఆ తర్వాత నుంచి తెర మీద మూడు కాగితాలు మాత్రమే పెడుతున్నాను: ఒక పే స్లిప్పు, ఒక కార్డు బిల్లు, ఒక లోన్ వివరాల పత్రం. వాటిని వరుస వరుసగా చదివించడమే నా పద్ధతి. జీతం పడిన రెండు మూడు రోజులకే ఆఫర్ల ఫోన్లు మొదలవుతాయి కాబట్టి, వీలైతే జీతం పడే రోజుకు ముందే మాట్లాడండి.

పే స్లిప్పు మీద పది నిమిషాలు చాలు. ఏడాదికి 4,20,000 ప్యాకేజీ అంటే నెలకు 35,000 చేతికి వస్తుందని చాలామంది లెక్క వేసుకుంటారు. మా దగ్గర అందులో సంస్థ కట్టే పీఎఫ్ వాటా 1,800 కలిసి ఉంటుంది, ఉద్యోగి వాటాగా మరో 1,800 కోస్తాము, ఆపై వృత్తి పన్ను 200 పోతుంది. చేతికి వచ్చేది 31,200. నెల మధ్యలో చేరిన వ్యక్తికి మొదటి నెల అందులోనూ సగమే పడుతుంది. 35,000 అనుకుని గది అద్దె, బండి వాయిదా ముందే ఖాయం చేసుకున్నవారే మొదటి నెలలో కార్డు వైపు చూస్తారు. అందుకే ఈ కాగితం ముందు చూపిస్తాను.

ఎక్కువ సమయం కార్డు బిల్లుకే ఇవ్వండి. అక్కడ నేను చూపించేది నా సొంత లెక్క. మొదటి ఉద్యోగంలో ఆఫీసు గేటు దగ్గర బల్ల వేసుకుని కూర్చున్న ఒక బ్యాంకు ప్రతినిధి దగ్గర కార్డు తీసుకున్నాను. జూన్ 5న 30,000 పెట్టి ఫోన్ కొన్నాను. జూన్ 20న బిల్లు వచ్చింది, కట్టాల్సిన గడువు జూలై 10. బిల్లులో పెద్ద అక్షరాలతో రెండు అంకెలు ఉన్నాయి: మొత్తం బాకీ 30,000, మినిమమ్ డ్యూ 1,500. మినిమమ్ కడితే సరిపోతుందని ఆ ప్రతినిధి చెప్పిన మాట నమ్మి 1,500 కట్టి, నా పని అయిపోయిందనుకున్నాను.

జూలై 20న వచ్చిన బిల్లులో బాకీ 30,242 అని ఉంది. ఆ నెలంతా నేను కార్డును అసలు వాడలేదు. 1,500 కట్టిన తర్వాత బాకీ పెరగడం ఎలా సాధ్యమో అర్థం కాక ఆ కాగితాన్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. లెక్క ఇది. నా కార్డు మీద వడ్డీ నెలకు 3.5 శాతం, అంటే ఏడాదికి 42 శాతం. మొత్తం బాకీ గడువులోపు కట్టకపోతే వడ్డీ లేని కాలం రద్దవుతుంది, వడ్డీని గడువు తేదీ నుంచి కాకుండా వస్తువు కొన్న తేదీ నుంచే లెక్కిస్తారు. మిగిలిన 28,500 మీద జూన్ 5 నుంచి జూలై 20 వరకు 45 రోజులకు వడ్డీ 1,476 అయింది, దాని మీద 18 శాతం జీఎస్టీ 266 పడింది. నేను కట్టిన 1,500 కంటే ఆ రెండూ కలిపి ఎక్కువ.

ఈ కాగితం దగ్గర ఆగి, ఇంకొక మాట తప్పకుండా చెప్పండి. పాత బాకీ ఒక్క రూపాయి మిగిలినా, ఆ నెలలో కొత్తగా కొన్న సరుకులకు కూడా వడ్డీ లేని రోజులు ఉండవు, కొన్న రోజు నుంచే మీటరు తిరుగుతుంది. మినిమమ్ కట్టడం వల్ల ఒరిగేది ఆలస్య రుసుము తప్పడం, క్రెడిట్ రిపోర్టులో ఎగవేత నమోదు కాకపోవడం మాత్రమే. కాబట్టి కార్డు తీసుకున్న రోజే యాప్‌లో ఆటో పేను తెరిచి, అక్కడ మినిమమ్ అన్న చోట కాకుండా టోటల్ అమౌంట్ డ్యూ అన్న చోట గుర్తు పెట్టమని చెబుతాను. కార్డుతో ఏటీఎంలో నగదు తీస్తే మొదటి రోజు నుంచే వడ్డీ, పైగా రుసుము పడుతుందని కూడా చెప్పండి, ఇది కొత్తవారికి దాదాపుగా తెలియదు.

అడగకుండా ఇంటికి వచ్చిన కార్డుల గురించి ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. 2022లో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన నిబంధనల ప్రకారం అడగని కార్డు పంపకూడదు. 30 రోజుల్లో వాడకం మొదలు పెట్టని కార్డుకు ఓటీపీ ద్వారా సమ్మతి తీసుకోవాలి, సమ్మతి రాకపోతే ఏ రుసుమూ లేకుండా ఖాతా మూసేయాలి. అందుకే కార్డు గురించి ఫోన్ చేసిన వ్యక్తికి ఓటీపీ చెప్పడమంటే సంతకం పెట్టినట్టే అని వాళ్లకు స్పష్టంగా తెలియజేయండి.

ఇక ప్రీ అప్రూవ్డ్ లోన్. ఆ మాట వినగానే తమ అర్హతను ఎవరో మెచ్చుకున్నట్టు పిల్లలు సంబరపడతారు, నాకు బాధ కలిగించేది అదే. వరుసగా జీతం పడుతోందని, క్రెడిట్ స్కోరు ఫలానా అని చూసి యంత్రం పంపిన ఆఫర్ అది. ఆ మనిషి అద్దె ఎంతో, ఇంటికి ఎంత పంపుతాడో దానికి తెలియదు.

మా సహోద్యోగి ఒకరు అనుమతి ఇవ్వడంతో ఆయన లోన్ కాగితం పేరు తీసేసి చూపిస్తాను. లోన్ 1,00,000, వడ్డీ 16 శాతం, 24 నెలలు, వాయిదా 4,896. ఖాతాలో పడింది మాత్రం 95,000. ప్రాసెసింగ్ రుసుము 2,000, దాని మీద జీఎస్టీ 360, ముందే టిక్కు పెట్టి ఉంచిన బీమా 2,640 కోసేశారు. వాయిదా మాత్రం పూర్తి లక్ష మీదే. రెండేళ్లలో ఆయన 1,17,500 పైచిలుకు కట్టారు. చేతికి వచ్చిన 95,000 మీద చూస్తే అసలు ధర ఏడాదికి 21 శాతం దాటింది. ఈ అసలు ధరకే ఏపీఆర్ అని పేరు. 2024 అక్టోబర్ 1 నుంచి ఇలాంటి రిటైల్ లోన్లకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే పత్రంలో దాన్ని చూపించడం తప్పనిసరి. వడ్డీ రేటు పక్కన పెట్టి, ఆ పత్రంలో ఏపీఆర్ వరుసను, చేతికి వచ్చే మొత్తాన్ని చదవమనండి. యాప్‌లో తొందరపడి నొక్కేసినవారికి ఒక దారి ఉంది: డిజిటల్ లోన్లకు కనీసం ఒక రోజు కూలింగ్ ఆఫ్ గడువు ఇవ్వాలి. ఆ లోపు అసలు, ఆ రోజుల వడ్డీ కట్టి జరిమానా లేకుండా బయటపడవచ్చు. ప్రాసెసింగ్ రుసుము మాత్రం తిరిగి రాకపోవచ్చు.

చివరి పావు గంట ప్రశ్నలకు బహిరంగంగా కాకుండా, ఒక్కొక్కరితో విడిగా కూర్చోవడానికి ఉంచుకోండి. ప్రతి బ్యాచ్‌లోనూ చదువుకునే రోజుల నుంచే మినిమమ్ కడుతూ వస్తున్నవారు ఒకరిద్దరు ఉంటారు, నలుగురిలో నోరు విప్పరు. వాళ్లను ముందు ఆ కార్డు వాడకం పూర్తిగా ఆపమంటాను. ఒకేసారి తీర్చలేని బాకీ అయితే, దాన్ని తక్కువ వడ్డీ వాయిదాల్లోకి మార్చమని బ్యాంకును అడగమంటాను. 42 శాతం బాకీని 16 శాతం లోన్‌తో తీర్చడం కూడా అక్కడ సరైన పనే, కార్డును మళ్లీ నింపనంత కాలం. బాకీ సున్నా అయ్యాక మూసేయమని రాసి ఇస్తే బ్యాంకు 7 పనిదినాల్లో మూసేయాలి, దాటితే రోజుకు 500 చొప్పున వాళ్లే చెల్లించాలి. నేనూ ఆ పాత కార్డును అలాగే రాసి ఇచ్చి మూయించాను. ఆ 30,000 ఫోన్ బాకీ తీరడానికి నాకు 14 నెలలు పట్టింది.