గ్రిఫిత్ ప్రయోగాన్ని తలకిందులు చేసి ప్రశ్న అడగడం గురించి

అమ్మా,

ఇంటర్ రెండో ఏడు పిల్లలకు గ్రిఫిత్ ప్రయోగం చెప్పాక "ఇలా కాకుండా అలా జరిగి ఉంటే?" అనే ప్రశ్న ఎలా తయారు చేయాలని అడిగావు. ముప్పై ఏళ్లు బోటనీ చెప్పినవాడిగా నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు ప్రయోగాన్ని ఒకసారి గుర్తు చేసుకో. 1928లో ఫ్రెడరిక్ గ్రిఫిత్ న్యుమోనియా కలిగించే బ్యాక్టీరియాలో రెండు రకాలను తీసుకున్నాడు. ఎస్ రకానికి చుట్టూ జిగురు తొడుగు ఉంటుంది. ఆ తొడుగు వల్ల ఎలుక శరీరం దాన్ని చంపలేదు, చివరికి ఎలుకే చచ్చిపోతుంది. ఆర్ రకానికి ఆ తొడుగు లేదు కాబట్టి ఎలుక బతుకుతుంది. వేడి చేసి చంపిన ఎస్‌ను ఒక్కదాన్నే ఎక్కించినా బతుకుతుంది. కానీ చంపిన ఎస్‌ను బతికున్న ఆర్‌తో కలిపి ఎక్కిస్తే ఎలుక చచ్చిపోయింది, దాని ఒంట్లో బతికున్న ఎస్ దొరికింది. చచ్చిన ఎస్ నుంచి ఏదో ఒక పదార్థం బతికున్న ఆర్‌లోకి వెళ్లి, తొడుగు తయారు చేసే శక్తిని ఇచ్చింది.

కొత్తగా చేరిన ఏడాది నేను ఈ షరతును సూటిగా తిరగేశాను: "చంపిన ఆర్‌ను, బతికున్న ఎస్‌ను కలిపి ఎక్కిస్తే ఏమవుతుంది?" దాదాపు అందరూ "చచ్చిపోతుంది" అని రాశారు. చాలా సంతోషపడ్డాను. తరువాత ఇద్దరు ముగ్గురిని పిలిచి ఎందుకని అడిగితే, "రెండూ కలిపితే చచ్చిపోతుంది కదా సార్" అన్నారు. జవాబు సరైనదే, కారణం మాత్రం కాదు. అక్కడ ఎలుకను చంపేది బతికున్న ఎస్ ఒక్కటే, ఆర్‌తో పనే లేదు. పాఠం అర్థమైన పిల్లవాడూ, "కలిపితే చావు" అని బట్టీ పట్టినవాడూ ఒకే జవాబు రాసే ప్రశ్న అది. పిల్లల తప్పు లేదు, నా ప్రశ్నే అలా ఉంది.

అందుకే ప్రశ్న రాసే ముందు ఒక కాగితం తీసుకుని, బట్టీ పట్టినవాడు ఏమంటాడో ఒక పక్కన, అర్థమైనవాడు ఏమంటాడో ఇంకో పక్కన రాసుకో. రెండూ ఒకటే అయితే ఆ ప్రశ్నను పక్కన పెట్టెయ్.

ఈ పరీక్షకు నిలిచే ప్రశ్న ఒకటి చెబుతాను. "ఎస్‌ను, ఆర్‌ను రెండింటినీ వేడి చేసి చంపి, తరువాత కలిపి ఎక్కించారు. మిగతా షరతులన్నీ ముందులాగే ఉన్నాయి. ఎలుక ఏమవుతుంది, ఎందుకు?" బట్టీ పట్టినవాడు చావు అంటాడు. అర్థమైనవాడు బతుకుతుంది అంటాడు: ఎస్ పదార్థం అక్కడే ఉన్నా, దాన్ని తీసుకుని తొడుగు కట్టుకుని పెరిగే బతికున్న కణం ఒక్కటీ లేదు. తిరగేసింది ఒక్క షరతునే, ఆర్ బతికి ఉండటాన్ని. రెండు షరతులు ఒకేసారి మారిస్తే జవాబు దేనివల్ల మారిందో పిల్లలకూ తెలియదు, దిద్దేటప్పుడు నీకూ తెలియదు. "మిగతావన్నీ ముందులాగే" అనే వాక్యం మాత్రం వదలకు. అది లేకపోతే ఒకరు వేడి సరిపోలేదేమో అని, ఇంకొకరు మోతాదు తగ్గిందేమో అని ఊహించుకుని రాస్తారు, వాళ్లకు మార్కులు కోయలేవు.

నాలుగు మార్కులుంటే జోస్యానికి ఒకటి, కారణానికి మూడు పెట్టు. చావో బతుకో, ఊరికే ఊహించినా సగంమందికి తగులుతుంది.

ఇంకో రకం ఉంది, నాకు ఎక్కువ ఇష్టమైనది. ఫలితం మారకుండా, దాని నుంచి మనం తీసే నిర్ధారణ మాత్రం కూలిపోయే ప్రశ్న. ఎస్‌లో తొడుగును బట్టి టైపులుంటాయి. గ్రిఫిత్ వాడిన ఆర్, రెండో టైపు ఎస్ తన తొడుగు పోగొట్టుకోగా వచ్చింది. ఆయన చంపి కలిపిన ఎస్ మూడో టైపుది. చచ్చిన ఎలుకలో దొరికిన ఎస్ కూడా మూడో టైపే. పాఠం చెప్పేటప్పుడే ఈ మాట చెప్పాలి, లేకపోతే ప్రశ్న అన్యాయమవుతుంది. ఆ తరువాత అడుగు: "చంపిన ఎస్ కూడా రెండో టైపుదే అయి ఉంటే?" ఎలుక అప్పుడూ చచ్చిపోతుంది, బతికున్న ఎస్ అప్పుడూ దొరుకుతుంది. కానీ పదార్థం చేతులు మారిందా, లేక ఆర్ తనంతట తానే పాత తొడుగు తిరిగి తెచ్చుకుందా అన్నది చెప్పలేం. "ఫలితం అదే, కానీ అప్పుడు ఏమీ తేల్చలేం సార్" అని రాసిన పిల్లకు నేను పూర్తి మార్కులిచ్చాను.

ఒక జాగ్రత్త. తరువాతి పాఠంలో ఉన్నదాన్నే తిరగేసి అడగకు. "డిఎన్ఏను నాశనం చేసే ఎంజైము కలిపితే?" అన్నది మంచి ప్రశ్నలాగే కనిపిస్తుంది. కానీ ఆ పదార్థం డిఎన్ఏనే అని చూపిన ఏవరీ, మాక్‌లియాడ్, మాకార్టీల 1944 పని పుస్తకంలో పక్క పేజీలోనే ఉంటుంది. ముందే చదివినవాడు గుర్తుకు తెచ్చుకుని రాస్తాడు, ఆలోచించి కాదు.

ఈ వారం పెట్టబోయే ప్రశ్నను, దాని పక్కన ఆ రెండు జవాబులతో సహా రాసి పంపు. చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న