లెక్కలు రాని పిల్లాడికి నమ్మకం ఎలా వస్తుంది?

“అనంతపురంలో మా అబ్బాయి నాలుగో తరగతి. తీసివేతలంటే ‘నాకు రాదు’ అని పుస్తకం మూసేస్తాడు. ధైర్యం చెబితే చాలా?”

చాలదండీ. మాటలకంటే, తానే చేసి గెలిచిన అనుభవమే నమ్మకాన్ని ఎక్కువగా పెంచుతుందని మనస్తత్వవేత్త బాండూరా చెప్పారు. 1981లో ఆయన, తోటి పరిశోధకుడు షంక్ కలిసి తీసివేతల్లో వెనకబడ్డ పిల్లలకు 42 పేజీల లెక్కలు ఇచ్చారు. రోజుకు 6 పేజీలే లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లు, మొత్తం 42 మీదే చూపు పెట్టుకున్నవాళ్లకంటే బాగా నేర్చుకున్నారు, నమ్మకమూ పెరిగింది. రోజూ ‘నేను చేశాను’ అనే రుజువు కళ్లముందే కనిపించింది మరి.

మీరూ 58–23తో మొదలుపెట్టండి. అది వచ్చాక అప్పు తెచ్చుకునే 52–17, ఆ తర్వాతే సున్నా ఉన్న 402–157. మధ్యలో మీరు చేసిపెట్టకండి, ఆ గెలుపు మీ ఖాతాలోకి పోతుంది. మరీ తేలికవే ఇచ్చినా లాభం లేదు. కొత్త లెక్క చూపించి, చేయకముందే “చేయగలవా?” అని అడగండి. ఆ జవాబులోనే నమ్మకం ఎంత పెరిగిందో తెలుస్తుంది.