204/112 చూపిస్తే గంటలో దించాలా, వారాల్లోనా?

ప్రశ్న: నాన్నకి 68 ఏళ్లు, పదేళ్లుగా బీపీ ఉంది. ఇవాళ ఇంట్లో మిషన్‌తో చూస్తే 204/112. తలనొప్పి, ఛాతీ నొప్పి ఏమీ లేవు, మామూలుగానే తిరుగుతున్నారు. మా ఊరి ఆర్ఎంపీ గారు నాలుక కింద గొట్టం మాత్ర వేసి అరగంటలో దించేస్తానంటున్నారు. వేయించమంటారా, పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలా?

జవాబు:

గొట్టం వేయించొద్దు. నిజంగా ఏ బాధా లేకపోతే అరగంటలో దించాల్సిన అవసరం లేదు, అలా దించితేనే ప్రమాదం.

పరుగెత్తాలా వద్దా అన్నది 204 అనే అంకె చెప్పదు. ఆ ఒత్తిడికి మెదడు, గుండె, ఊపిరితిత్తులు, కిడ్నీలు, కంటి రెటీనా, గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళమైన బృహద్ధమని, వీటిలో ఏదైనా ఇప్పటికిప్పుడు దెబ్బతింటోందా అన్నదే లెక్క. బీపీ 180/120 దాటి, వీటిలో ఒకటి దెబ్బతింటుంటే అది ఎమర్జెన్సీ. ఐసీయూలో సెలైన్ లైను ద్వారా మందు ఎక్కిస్తూ దించాలి. అదే అంకె ఉన్నా ఏ అవయవానికీ కొత్తగా ఏమీ కాకపోతే అది మందులు సరిపోని పాత బీపీ. దాన్ని మాత్రలతో, రోజులూ వారాల మీద దించుతారు.

ఎందుకంత నిదానం అంటే, మెదడు రక్తనాళాలకి ఒక అలవాటు ఉంది. బీపీ పెరిగితే బిగుసుకుంటాయి, తగ్గితే వదులవుతాయి, అలా లోపలికి వెళ్లే రక్తం ఒకే మోతాదులో ఉండేలా చూసుకుంటాయి. కానీ ఈ సర్దుబాటుకి ఒక కింది హద్దు ఉంది. ఏళ్ల తరబడి బీపీ ఎక్కువున్నవాళ్లలో ఆ హద్దే పైకి జరిగిపోతుంది. మనకి నార్మల్ అనిపించే బీపీ వాళ్ల మెదడుకి చాలకపోవచ్చు.

మీ నాన్నగారి అంకెలతోనే లెక్కేద్దాం. సగటు ఒత్తిడికి సూత్రం ఇది: కింది అంకెను రెండింతలు చేసి పై అంకె కలిపి, మూడుతో భాగించాలి. 204 + 112 + 112 = 428, మూడో వంతు దాదాపు 143. ఇందులో పావు వంతు తగ్గితే 107. అంటే సుమారు 150/86. ఇలాంటివాళ్లలో సర్దుబాటు హద్దు దాదాపు ఆ దగ్గర్లోనే ఉంటుంది. ఇక 120/80కి దించారనుకోండి, సగటు 93కి పడుతుంది, అంటే 35 శాతం తగ్గినట్టు. అంకె చూసి ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు, ఆయన మాత్రం కళ్లు తిరిగి పడిపోవచ్చు, పక్షవాతమో గుండెపోటో రావచ్చు.

ఆ గొట్టంలో ఉండేది ఎక్కువగా నిఫెడిపిన్ అనే బీపీ మందు. నాలుక కింద నుంచి అది సరిగా ఇంకదు, మింగిన ద్రవం పేగుల్లోంచే రక్తంలోకి వెళ్తుంది. ఒకరికి 20 పాయింట్లు తగ్గిస్తుంది, ఇంకొకరికి 80. ఎంత పడుతుందో ముందు చెప్పలేం, పడ్డాక ఆపలేం. పైగా గుండె వేగం పెరుగుతుంది. ఇలా వాడాక వచ్చిన పక్షవాతాలు, గుండెపోట్లు, మరణాలు పోగుచేసి, 1996లోనే అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఈ పద్ధతి ఆపమని రాశారు. మన దగ్గర ఇంకా నడుస్తోందంటే అంకె వెంటనే తగ్గి అందరికీ తృప్తిగా ఉండడమే కారణం. మూత్రం ఎక్కువ పోయించే లాసిక్స్ ఇంజెక్షన్ కూడా అంతే, ఊపిరితిత్తుల్లో నీరు చేరితే తప్ప ఇక్కడ దానికి పని లేదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ముందు మూత్రానికి వెళ్లి రమ్మనండి. వీపు ఆనించి, పాదాలు నేలకి ఆనేలా కుర్చీలో కూర్చోబెట్టండి, టీవీ, మాటలు కట్టేయండి. అరగంట తర్వాత చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో పెట్టి, చొక్కా చెయ్యి మీద కాకుండా చర్మం మీదే పట్టీ చుట్టి, నిమిషం ఎడంతో రెండుసార్లు చూడండి. రెండో చేతికీ చూసి ఎక్కువ వచ్చిందే లెక్కలోకి తీసుకోండి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే ఉత్తినే ఎక్కువ చూపిస్తుంది. ఇలా ఊరికే కూర్చుంటేనే మూడో వంతు మందికి గణనీయంగా దిగుతుంది.

తర్వాత మాత్రల డబ్బా తెరిచి లెక్కపెట్టండి. ఇంత పెరగడానికి నేను మొదట అనుమానించేది మందు మానేయడమే. క్లోనిడిన్ అనే బీపీ మందు వాడుతూ ఒక్కసారిగా ఆపేస్తే మరీ ఎగురుతుంది. మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ లాంటివి, జలుబు మాత్రలు, స్టెరాయిడ్లు వేసుకుంటున్నారేమో అడగండి. ఇవాళ్టి మాత్ర మర్చిపోయి ఉంటే అదే, అంతే మోతాదులో ఇవ్వండి. గంటకి చూసి తగ్గలేదని ఇంకోటి వేయొద్దు. ఎక్కువమంది వాడే బీపీ మాత్ర ఆమ్లోడిపిన్ రక్తంలో పూర్తిగా ఎక్కడానికే 6 నుంచి 12 గంటలు పడుతుంది, దాని అసలు ఫలితం కనిపించేసరికి వారం.

ఇవాళో రేపో డాక్టర్ దగ్గరికి మాత్రం తీసుకెళ్లాల్సిందే, ఎందుకంటే బాధ లేకపోయినంత మాత్రాన దెబ్బ లేదని కాదు. ఈసీజీ, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, పొటాషియం, మూత్రంలో ప్రోటీన్, రక్తకణాలు చూస్తారు. కంటి పరీక్ష చాలామంది వదిలేస్తారు, అది అడిగి చేయించండి. రెటీనాలో రక్తపు మరకలో, నరం వాపో కనిపిస్తే మనిషి నవ్వుతూ కూర్చున్నా అది ఎమర్జెన్సీ కిందే లెక్క. ఇవన్నీ బాగుంటే మోతాదు పెంచడమో, రెండో మందు కలపడమో చేసి వారంలో మళ్లీ రమ్మంటారు. మొదటి కొద్ది రోజుల్లో 160/100 దగ్గరికి, ఆపై వారాల్లో 130/80 వైపు. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో ఇలా పెద్ద అంకెలతో వచ్చిన సుమారు 58,500 మందిని చూసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, తర్వాతి 7 రోజుల్లో గుండె, మెదడు ప్రమాదాలు దాదాపు వెయ్యికి ఒకరికే వచ్చాయి. పెద్దాసుపత్రికి పంపినవాళ్లకీ ఇంటికి పంపినవాళ్లకీ అందులో తేడా కనిపించలేదు.

అదే 204/112తో ఆయాసం, పడుకోలేకపోవడం, ఛాతీలోనో వీపులోనో చీల్చినట్టు నొప్పి, మాట తడబడడం, ఒక చెయ్యి పడిపోవడం, అయోమయం, చూపు మసకబారడం, ఫిట్స్, వీటిలో ఏది ఉన్నా మిషన్ పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి. వట్టి తలనొప్పి, ముక్కు నుంచి రక్తం, ఇవి ఒక్కటే ఉంటే ఈ జాబితాలోకి రావు.

ఆసుపత్రిలో కూడా మామూలుగా మొదటి గంటలో సగటు ఒత్తిడిని పావు వంతుకి మించి దించరు. ఆ తర్వాత 2 నుంచి 6 గంటల్లో 160/100కి తెచ్చి, ఒకటి రెండు రోజుల్లో నార్మల్ వైపు తెస్తారు. బృహద్ధమని పొర చీలితే మాత్రం ఆ నియమం పక్కకి వెళ్తుంది. గంటలోపే పై అంకెను 120కి తేవాలి, దానికన్నా ముందు ఎస్మొలాల్, లాబెటలాల్ లాంటివాటితో గుండె వేగాన్ని 60 దగ్గరికి తగ్గించాలి. గర్భిణికైతే 160/110 దాటి తగ్గకపోతే చాలు, అది ఎమర్జెన్సీ, గంటలోపు మందు పడాలి. మెదడులో రక్తం గడ్డకట్టి వచ్చిన పక్షవాతంలో దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వని పక్షంలో సాధారణంగా 220/120 దాకా ముట్టుకోరు, ఇస్తే ముందుగా 185/110 లోపుకి తేవాలి. అది గడ్డా, రక్తస్రావమా అన్నది స్కాన్ తీస్తే తప్ప తెలియదు. ఇంటి దగ్గర బీపీ మందు వేసి పంపొద్దనేది అందుకే.