గీతలు నిండుగా ఉన్నా హోటల్ వైఫై ఎందుకు ఆగుతుంది?

ప్రశ్న: ఆఫీసు పని మీద వచ్చి హనుమకొండలో హోటల్‌లో దిగిన. రూంలో వైఫై గీతలు నిండుగానే చూపిస్తది. రాత్రి తొమ్మిది దాటితే మాత్రం వీడియో మీటింగ్ ఆగి ఆగి వస్తది. ల్యాప్‌టాప్‌ల ఏమైనా మార్చాల్నా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఆ గీతలు చెప్పేది మీ ల్యాప్‌టాప్‌కి వరండాలోని వైఫై డబ్బా సిగ్నల్ ఎంత బాగా అందుతోందన్నది మాత్రమే. ఆ డబ్బా నుంచి బయటికెళ్లే లైన్ సంగతి వాటికి తెలియదు. తప్పు ఎటువైపు ఉందో ముందు తేల్చుకోండి. ఫోటోల బ్యాకప్, అప్‌డేట్లు, వీపీఎన్ ఆపేసి, విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి `ipconfig` కొట్టండి. Default Gateway ఎదురుగా కనిపించే నంబరును కింది మొదటి వరుసలో 192.168.1.1 బదులు పెట్టండి.

```
ping -n 20 192.168.1.1
ping -n 20 8.8.8.8
```

మొదటిది మీ రూం నుంచి హోటల్ రూటర్ దాకా, రెండోది ఇంటర్నెట్ దాకా వెళ్లి రావడానికి ఎంతసేపు పడుతుందో చూపిస్తుంది. ఉదాహరణకు, తొమ్మిదింటికి మొదటిది నిలకడగా 4 మిల్లీసెకన్లు, రెండోది 600 దాటి మధ్యమధ్యలో Request timed out అని వచ్చిందనుకోండి. మీ ల్యాప్‌టాప్‌లో తప్పేమీ లేదు, హోటల్ లైన్ నిండిపోయింది. లైన్ 100 ఎంబీపీఎస్‌దే అయితే, ఒక్కొక్కటి 5 ఎంబీపీఎస్ లాగే వీడియోలు ఇరవై నడిస్తే చాలు, అయిపోయినట్టే. డీఎన్ఎస్ మార్చినా, స్పీడు పెంచుతామనే యాప్‌లు వేసినా ఒరిగేదేమీ లేదు. మీటింగ్‌కు మీ ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకోండి. అదీ అందకపోతే కెమెరా ఆపి మాట మాత్రం ఉంచండి.

మొదటి వరుసే 5, 180, 400 అని ఎగిరి పడుతుంటే మాత్రం తప్పు రూంలోనే ఉంది, చాలావరకు మీ చేతిలో ఉన్నదే. వైఫై ప్రాపర్టీస్‌లో Network band చూడండి. 2.4 GHz అని ఉంటే పక్క రూంల డబ్బాలు, బ్లూటూత్ అన్నీ అదే గాలిలో తోసుకుంటుంటాయి. 5 GHz పేరు విడిగా కనిపిస్తే దానికి మారండి. అయితే అది గోడలు దాటడంలో బలహీనం కాబట్టి బల్లను తలుపు దగ్గరికి జరపండి. జరిపాక అంకెలు తగ్గితే రోగం దొరికినట్టే.

కొన్ని హోటళ్లు, ఎయిర్‌పోర్టులు రూటర్‌ను పింగ్‌కు బదులివ్వకుండా పెడతాయి. మొదటి వరుసకు అసలు జవాబే రాకపోయినా నెట్ పనిచేస్తుంటే భయపడకండి. రెండో వరుసనే ఒకసారి రూంలో, ఒకసారి వరండాలో డబ్బా కింద నిలబడి కొట్టి పోల్చండి.

ఇంకొకటి: స్పీడ్ టెస్ట్ పొద్దున ఆరింటికీ, రాత్రి తొమ్మిదింటికీ చేయండి. రెండుసార్లూ సరిగ్గా 2 ఎంబీపీఎస్ దగ్గరే ఆగితే, అది రద్దీ కాదు, ఒక్కో పరికరానికి హోటల్ వాళ్లు పెట్టిన పరిమితి అయి ఉంటుంది. దాన్ని మీరు మార్చలేరు గానీ రిసెప్షన్‌లో అడిగితే ఎక్కువ స్పీడు కూపన్ ఇచ్చేవాళ్లూ ఉంటారు.