టమాటా కుళ్లు, దళారి కోత: విశాఖకు సరుకు పంపే రైతుకు సమాధానం

"పద్మనాభం దగ్గర మా ఊరి నుంచి ఐదుగురం విడివిడిగా టమాటా విశాఖ పంపుతున్నాం. గోనె సంచుల్లో అడుగుకాయ చితికిపోతోంది. అది చూపించి దళారి మొత్తం ధర తగ్గిస్తున్నాడు. ఏం చేయాలి?"

ముందు కోత మార్చండి. ఎర్రబడ్డాక కోసిన కాయను మీరు ఆపలేరు, ఆ సంగతి దళారికి తెలుసు. అందుకే బేరం అతని చేతిలో ఉంటోంది. కాయ అడుగుభాగంలో లేత గులాబీ రంగు తిరగగానే, మంచు ఆరిన పొద్దున కోసి నీడలో పెట్టండి. అలాంటి కాయ రెండు మూడు రోజులు ఆగుతుంది. పండినవి ఏరి వేరుగా పెట్టండి. వాటినుంచి వచ్చే ఇథిలీన్ వాయువు పక్క కాయలనూ తొందరగా పండిస్తుంది. ఆ పండినవి అదే రోజు రైతు బజారుకు వెళ్లాలి. అక్కడ అమ్మడానికి రైతు గుర్తింపు కార్డు అవసరం.

సంచులు మానేసి ప్లాస్టిక్ ట్రేలు వాడండి. అంచుకు రెండు వేళ్ల కిందికే నింపండి, లేదంటే పైట్రే బరువంతా కాయమీదే పడుతుంది.

బండి అద్దె 1,800 రూపాయలు అనుకుందాం. ఒక్కరే 25 కిలోల ట్రేలు 12 పంపితే కిలోకు 6 రూపాయలు పడుతుంది. ఐదుగురూ కలిసి 60 ట్రేలు పంపితే 1.20 మాత్రమే. ఎవరి ట్రేమీద వారి గుర్తు వేసి, ఊళ్లోనే తూచి చీటీ రాయండి. తూకంలో తరుగు తీస్తే అక్కడికక్కడే నిలదీయవచ్చు.

మీలో ఎవరైనా ఆ దళారి దగ్గర పెట్టుబడికి అప్పు తీసుకున్నారా? అయితే వారి సరుకు అతనికే కట్టుబడి ఉంటుంది. ముందు ఆ బాకీ సంగతి తేల్చుకోండి.