కాన్పు తర్వాత ఏడుపు: ఎంతవరకు మామూలు?

విజయనగరంలో మా చెల్లెలికి కాన్పయి ఇరవై రోజులు. ఊరికే ఏడుస్తోంది, బిడ్డ ఏడ్చినా కదలడం లేదు. ఇది పురిటి నీరసమేనా?

నీరసమని వదిలేయకండి. కాన్పయిన రెండు మూడు రోజులకు వచ్చే దిగులు సాధారణంగా రెండు వారాల్లో పోతుంది. ఆ తల్లి కళ్లు తుడుచుకుంటూనే పాలు పడుతుంది. ఆ గడువు దాటితే ప్రసవానంతర కుంగుబాటు కావచ్చు. బిడ్డ పడుకున్నా ఆమెకు నిద్ర పట్టడం లేదా, చూడండి. పిడికిలి నోట్లో పెట్టుకోవడం బిడ్డ ఆకలికి తొలి గుర్తు; కుంగిన తల్లి దాన్ని గమనించలేకపోవచ్చు. అప్పుడు గుక్కపట్టాకే పాలు అందుతాయి. అది తల్లి మొండితనం కాదు, జబ్బు. దిష్టి తీస్తే తీయండి, అక్కడితో ఆగకండి. 21వ రోజు ఆశా కార్యకర్త వచ్చినప్పుడు ఇదీ చెప్పి, డాక్టరుకు చూపించండి. పాలిచ్చే తల్లులు వాడదగిన మందులున్నాయి. చనిపోవాలనో, బిడ్డను ఏమైనా చేయాలనో అంటే మాత్రం ఒంటరిగా వదలక వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.