పిన్నికి చెప్పాలా, లైటుకా?

సందేహం: పుట్టినరోజుకు మా పిన్ని టేబుల్ లైటు పంపింది. ‘మీ అమూల్యమైన బహుమతికి హృదయపూర్వక ధన్యవాదములు’ అని రాశాను. సభ చివర వందన సమర్పణ చేస్తున్నట్టుంది. తప్పేమీ కనబడదు, మరి ఎందుకిలా ఉంది?

సమాధానం: తప్పు ‘బహుమతికి’ అన్న ‘కి’ దగ్గర మొదలైంది. తెలుగులో ధన్యవాదాలు ఎవరికి చెబుతామో వారికి ‘కి’ చేరుతుంది: పిన్నికి ధన్యవాదాలు. ‘బహుమతికి ధన్యవాదాలు’ అంటే లైటుకే దణ్ణం పెట్టినట్టవుతుంది. ఇప్పుడందరూ ఇలాగే రాస్తున్నారు కాబట్టి అర్థమైపోతుంది, అది వేరే మాట. ‘పంపినందుకు’ అంటే చాలు, పంపిన మనిషి వాక్యంలోకి వచ్చేస్తుంది.

అయితే పంపడం ఒక్కటేనా ఆవిడ చేసింది? కృతజ్ఞత అనే మాటను విడదీసి చూడండి. ‘కృత’ అంటే చేసినది, ‘జ్ఞ’ అంటే ఎరిగినవాడు. ఎదుటివారు ఏం చేశారో మనకు తెలుసని చూపించడమే ఆ మాటకు మూలార్థం. ‘అమూల్యమైన’, ‘హృదయపూర్వక’ అన్నవి ఆ పని చేయలేవు. గొడుగు పంపినా గడియారం పంపినా అవి అలాగే అతుకుతాయి.

మీ ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియదు గనక ఊహించి రాస్తున్నాను:

‘పిన్నీ, లైటు నిన్న అందింది. రాత్రిపూట చదివితే కళ్లు లాగుతున్నాయని ఎప్పుడో మాటవరసకు అన్నాను, నువ్వు మనసులో పెట్టుకున్నావు. నిన్న దాని వెలుగులోనే పదకొండింటిదాకా చదివాను. లైటు మెడ వంచితే వెలుగు పుస్తకం మీదే పడుతోంది, పక్కన చెల్లి నిద్ర చెడలేదు.’

ఇందులో ‘చాలా’ లేదు, ‘ఎంతో’ లేదు. ‘వెలుగులోనే’ అన్న చోట చివరి ‘ఏ’ను గమనించండి. ‘వెలుగులో చదివాను’ అంటే సమాచారం. ‘వెలుగులోనే’ అంటే వేరే దీపం వేసుకోలేదని. ఒక్క అక్షరం చేసే ఈ పని నాలుగు విశేషణాలు చేయవు. కాకపోతే నిజంగా వాడాకే రాయాలి. ఇంకా పెట్టె విప్పకపోతే గుర్తుపెట్టుకున్న సంగతి దగ్గరే ఆపండి. వస్తువు నచ్చనప్పుడు కూడా అదే దారి, అబద్ధమాడే పని ఉండదు.

ఇంకొకటి, పిన్నిని మాటల్లో ‘నువ్వు’ అనేవారైతే ఉత్తరంలో ‘మీరు’ చేయకండి. ‘ధన్యవాదములు’లోని ‘ములు’ కూడా ఇలాంటి బిగింపే. మాటల్లో మనం ‘ధన్యవాదాలు’ అనే అంటాం.

అసలు ఆ మాట ఉండాలా అంటే, పిన్నికి అక్కర్లేదు. నిజానికి పెడితే ‘ఇదేమిటే, పరాయిదాన్నా?’ అనే ప్రమాదముంది. అంత చనువు లేని పెద్దలకైతే ‘గుర్తుపెట్టుకుని పంపినందుకు ధన్యవాదాలు’ అని చివర ఒక్కసారి రాయండి.